నలభై సెకన్లలో ఒక నవల

“మావయ్యా, కథంతా తెలిసిపోయిందిగా, ఇంక చదవడం దేనికి?” అంది మా చెల్లెలి కూతురు, ఫోను నా చేతికి తిరిగి ఇస్తూ. నేను తీసిన మొదటి షార్ట్ అది. గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’ గురించి ఒక నిమిషం మాట్లాడాను. ఆ పిల్ల చేత ఆ నవల చదివించాలనే తీశాను. చూశాక చదవాల్సిన అవసరమే లేదనిపించింది తనకి. తప్పు తనది కాదు. ఆ నిమిషంలో నేను నవల మొదలు చెప్పాను, మధ్య చెప్పాను, చివర ఏమవుతుందో కూడా చెప్పేశాను.

ఆ షార్ట్ తీసేసి మళ్లీ రాశాను. నాలుగుసార్లు రాస్తే కుదిరింది. ఆ నాలుగుసార్లలో ఏం మారిందో చెప్తాను. పుస్తకాల గురించి చిన్న వీడియోలు చేసేవాళ్లు ఇప్పుడు తెలుగులో చాలామందే ఉన్నారు. ఇంకా చేద్దామనుకుంటున్న లైబ్రరీ వాళ్లు, టీచర్లు, కాలేజీ పిల్లలు కూడా ఉన్నారు. దాదాపు అందరూ నేను పడిన గుంటలోనే పడుతున్నారు.

ముందు నలభై సెకన్లే ఎందుకన్నది చూద్దాం. యూట్యూబ్ షార్ట్‌కి ఒకప్పుడు నిమిషమే హద్దు. 2024 అక్టోబరు నుంచి మూడు నిమిషాల దాకా పెంచారు. అయినా నేను నలభై దగ్గరే ఆగుతాను. మూడు నిమిషాలు చేతిలో ఉంటే కథ చెప్పబుద్ధేస్తుంది. నలభై సెకన్లలో కథ పట్టదు, ఒక్క ఆలోచన మాత్రమే పడుతుంది. మనకి కావలసిందీ అదే.

నలభై సెకన్లంటే ఎన్ని మాటలో గడియారం పెట్టుకుని చూడండి. వార్తలు చదివినట్టు గబగబా చదివితే ఎనభై దాకా పడతాయి. ఎదురుగా కూర్చున్న మనిషికి చెప్పినట్టు, ఊపిరి తీసుకుంటూ చెప్తే అరవై, డెబ్బై. తెలుగులో ఒక్క మాటే చాలా పని చేస్తుంది. ‘చెయ్యనివ్వకపోతే’ అన్నది ఒక మాటే, కానీ పలకడానికి ఏడు అక్షరాలు. కాబట్టి మాటలు లెక్కపెట్టుకుని ఊరుకోకండి, గట్టిగా చదివి చూసుకోండి. కాగితం మీద బాగా కుదిరిన వాక్యం నోట్లో తట్టుకుంటే ఆ వాక్యాన్ని విరిచెయ్యాలి.

నా మొదటి స్క్రిప్టు ఎలా మొదలైందంటే, గోపీచంద్ 1910లో పుట్టారనీ, త్రిపురనేని రామస్వామి చౌదరి గారి అబ్బాయనీ, ఈ నవల 1940ల నడుమ రాశారనీ, తెలుగులో మనోవైజ్ఞానిక నవలగా పేరు తెచ్చుకుందనీ, ఆయనకి తర్వాత వేరే నవలకి సాహిత్య అకాడమీ బహుమతి వచ్చిందనీ. ఇవన్నీ నిజాలే. ఆ బహుమతి ‘పండిత పరమేశ్వర శాస్త్రి వీలునామా’కి 1963లో వచ్చింది, అప్పటికి ఆయన పోయి ఏడాది. ఇవన్నీ చెప్పేసరికి పద్దెనిమిది సెకన్లు అయిపోయాయి, నవల ఇంకా మొదలు కాలేదు. బొటనవేలితో వీడియోలు పైకి నెట్టుకుంటూ పోయే మనిషి మూడు, నాలుగు సెకన్లలో తేల్చుకుంటాడు ఉండాలా పోవాలా అని. పుట్టిన సంవత్సరం విని ఆగేవాడు ఎవడూ ఉండడు. ఈ వివరాలు వీడియో కింద రాసుకోవచ్చు. నవల నచ్చినవాడే వాటిని వెతుక్కుంటాడు.

రెండోసారి రచయిత సంగతులు తీసేసి నేరుగా కథలోకి దిగాను. సీతారామారావు అనే మనిషి, అతని తండ్రి, మేనమామ, భార్య ఇందిర, ఆస్తి, ఉద్యోగం, స్నేహితులు. వరసగా ఏది తర్వాత ఏది జరిగిందో చెప్పుకుంటూ పోయాను. మా మేనకోడలు చూసి పెదవి విరిచింది ఈ రకాన్నే. ఇందులో ఒక సంగతి నాకు ఆలస్యంగా అర్థమైంది. నవలలో ఏం జరిగిందన్నది వేరు, నవల దేని గురించి అన్నది వేరు. మొదటిదాన్ని ఇతివృత్తం అంటాం. రెండోది ఆ ఇతివృత్తం కింద కనపడకుండా ఉండే ముడి. నలభై సెకన్లలో చెప్పాల్సింది ఆ ముడిని. ఇతివృత్తంలోంచి ఆ ముడి కనబడడానికి ఎంత కావాలో అంతే తీసుకోవాలి.

ఆ ముడి పట్టుకోవడానికి నేను చేసే పని ఒకటుంది. నవల రెండోసారి చదువుతాను. చదివాక పుస్తకం మూసి, ఒక చీటీ మీద మూడు వాక్యాలు రాస్తాను. ఈ మనిషికి ఏం కావాలి, ఏది అడ్డుపడుతోంది, ఇది చదివాక నా దగ్గర జవాబు లేకుండా మిగిలిన ప్రశ్న ఏది. మొదటి రెండూ తేలిగ్గానే వస్తాయి. మూడోది రాకపోతే నవల నాకింకా అందలేదన్నమాటే, ఆ నవల మీద వీడియో చెయ్యను.

‘అసమర్థుని జీవయాత్ర’కి నా చీటీ మీద మొదటి రెండు వాక్యాలు ఇలా ఉన్నాయి. సీతారామారావుకి పెద్దమనిషిగా బతకాలని ఉంది, ఎందుకంటే చనిపోతూ తండ్రి వంశం పేరు నిలబెట్టమన్నాడు. అతనికి అడ్డం అతని సోమరితనం.

రెండో వాక్యం తప్పు. ఆ సంగతి నాకు చెప్పింది మా శాఖా గ్రంథాలయంలో పాతికేళ్లుగా పుస్తకాలు ఇస్తున్న పెద్దాయన. నా స్క్రిప్టు చదివి కళ్లజోడు తీసి, “సోమరి కాదయ్యా అతను. క్షణం ఊరుకోడు, లోపల పని చేస్తూనే ఉంటాడు. బయటికి రాదంతే” అన్నారు. ఆ మాట విన్నాక నవల నాకు కొత్తగా కనపడింది. సీతారామారావు బద్ధకస్తుడు కాడు. అతని బుర్ర ఒక్క నిమిషం ఆగదు. ఒక పని చెయ్యాలనుకుంటాడు, దాని మీద తర్కం మొదలవుతుంది, ఆ తర్కానికి ఎదురుతర్కం లేస్తుంది, అవతలివాడి ఉద్దేశాల మీద అనుమానం వస్తుంది, చివరికి చెయ్యకపోవడమే న్యాయమని తేల్చుకుంటాడు. తన తప్పు ఎప్పుడూ ఎదుటివాడి తప్పుగానే కనపడుతుంది అతనికి.

ఈ నవలని గోపీచంద్ తన తండ్రికే అంకితం ఇచ్చారు, ఎందుకని అడగడం నేర్పినందుకు. ఇది నాకెప్పుడూ ఆశ్చర్యమే. ప్రశ్నించడం నేర్పిన తండ్రికి ఇచ్చిన కానుక, ప్రశ్నల్లోనే మునిగిపోయిన మనిషి కథ. ఈ మాట స్క్రిప్టులో పెట్టాలని ఎంతో అనిపించింది. పెట్టలేదు. నవల చదవనివాడికి ఆ లోతు అందదు, చదివినవాడు తనంతట తానే పట్టుకుంటాడు. నచ్చిన మాటల్ని ఇలా వదులుకోవడమే ఈ పనిలో కష్టమైన భాగం.

అప్పుడు చీటీ మార్చాను. అడ్డం అతని మనసే. మూడో వాక్యం కూడా వచ్చింది: మనసే మనిషిని పని చెయ్యనివ్వకపోతే అతను ఎవరి మీద తిరగబడాలి? దీనికి నా దగ్గర జవాబు లేదు. వీడియో వెన్నెముక దొరికిందని అప్పుడే తెలిసింది.

ఇక స్పాయిలర్ సంగతి. కథ గుట్టు విప్పకుండా చెప్పడమంటే అసలేమీ చెప్పకపోవడం అనుకుంటారు కొందరు. అలా చేస్తే “ఒక మనిషి జీవితంలో వచ్చే అద్భుతమైన మలుపుల కథ” లాంటి వాక్యాలు వస్తాయి. అది ఏ నవలకైనా అతుకుతుంది, అంటే ఏ నవలదీ కాదు. ఎక్కడిదాకా చెప్పొచ్చో తేల్చుకోవడానికి నాకు ఒక కొలత ఉంది. పుస్తకం పేరు చెప్పేసేది, మొదటి నాలుగో వంతులో రచయితే బయటపెట్టేది, రెండూ చెప్పొచ్చు. ఆ తర్వాత జరిగేదాన్ని ముట్టుకోను. చలం ‘మైదానం’ 1927 నాటిది. రాజేశ్వరి భర్తని వదిలి అమీర్‌తో వెళ్లిపోవడం దాని మొదట్లోనే ఉంది. అది చెప్తే గుట్టు విప్పినట్టు కాదు, అక్కడినుంచే నవల మొదలవుతుంది. ఆ తర్వాత మైదానంలో ఏమైందో చెప్తే మాత్రం పాఠకుడి నోటి దగ్గర ముద్ద లాక్కున్నట్టే.

సీతారామారావు విషయంలో ఈ కొలత హాయిగా పనిచేసింది. అతను నెగ్గలేని మనిషని పేరులోనే ఉంది. కాబట్టి అతను దిగజారతాడని చెప్పడం గుట్టు విప్పడం కాదు. ఎంతదాకా దిగజారాడు, ఎక్కడ ఆగాడన్నదే గుట్టు. ఆ సంగతి ఈ వ్యాసంలోనూ చెప్పడం లేదు.

మరో రకం గుట్టు కూడా ఉంది, దాన్ని గమనించేవాళ్లు తక్కువ. “చివరి పేజీలు చదివాక మీరు నిద్రపోలేరు” అంటారు. “ఎవరూ ఊహించని ముగింపు” అంటారు. సంఘటన చెప్పలేదు కదా అనుకుంటారు. కానీ ఆ మాట విన్న పాఠకుడు మొదటి పేజీ నుంచీ చివరి పేజీ కోసం కాచుకుని కూర్చుంటాడు. మధ్యలో ఉన్న నవలంతా అతనికి అడ్డంకి అయిపోతుంది. ముగింపు గురించి మెచ్చుకోలుగా కూడా మాట్లాడొద్దు.

బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’ మీద ఒక షార్ట్ చూశాను. దయానిధి గురించి, తల్లి పేరుకి అంటిన మచ్చ అతన్ని ఎలా వెంటాడిందో దాని గురించి ఎంతో బాగా చెప్పుకొచ్చాడు ఆ కుర్రాడు. చివరి ఐదు సెకన్లలో, చివరకి మిగిలేది ఏమిటో ఒక మాటలో చెప్పేశాడు. ప్రాణం ఉసూరుమంది. ఆ పుస్తకం పేరే ఒక ప్రశ్న లాంటిది. దయానిధితో కలిసి అంతదూరం నడిచినవాడికే ఆ జవాబు బరువు తెలుస్తుంది. నడవనివాడికి అది కేలండరు మీద రాసుకునే సూక్తి.

ఇప్పుడు నా నాలుగో స్క్రిప్టు చూడండి. మొత్తం 64 మాటలు. నేను ఆగి ఆగి చదివితే ముప్పై ఎనిమిది సెకన్లు పట్టింది.

“వంశం పేరు నిలబెట్టు. చనిపోతూ తండ్రి చెప్పిన మాట ఇది. కొడుకు ఆ మాట పట్టుకుని అడిగినవాళ్లకు లేదనకుండా ఇచ్చాడు. ఆస్తి కరిగింది. పెద్దమనిషినన్న ఊహ మాత్రం కరగలేదు. ఇప్పుడతను ఉద్యోగం చెయ్యాలి, ఇల్లు నడపాలి. ఏ పని ముట్టుకున్నా ముందు ఆలోచన వస్తుంది. ఆ ఆలోచన మీద ఇంకో ఆలోచన. పని అక్కడే ఆగిపోతుంది. తప్పు మాత్రం ఎప్పుడూ ఎదుటివాడిదే. మనసే మనిషిని పని చెయ్యనివ్వకపోతే ఆ మనిషి ఎవరి మీద తిరగబడాలి? గోపీచంద్ రాసిన ‘అసమర్థుని జీవయాత్ర’. మీలో మీరే వాదించుకునే అలవాటు ఉందా? ఇది చదవండి.”

ఇందులో సీతారామారావు పేరు లేదు. నలభై సెకన్లలో పాత్ర పేరు చెప్తే వినేవాడు దాన్ని గుర్తుపెట్టుకోవాల్సొస్తుంది, ఇంకో పేరు వస్తే రెండూ కలగాపులగం అవుతాయి. తండ్రి, కొడుకు అంటే చాలు. గుర్తుండాల్సిన పేర్లు రెండే, పుస్తకానిదీ రచయితదీ. వాటిని చివరికి నెట్టాను. మొదట్లోనే చెప్తే చెవిన పడి జారిపోతాయి. ప్రశ్న పడ్డాక చెప్తే, ఇది ఏ పుస్తకమబ్బా అని అప్పటికే అనుకుంటున్న మనిషికి జవాబుగా అందుతాయి.

మొదటి వాక్యం మూడు మాటలు. చెప్పేది ఎవరో తెలియదు, ఆజ్ఞ మాత్రం వినపడుతుంది. నవలలో సీతారామారావు చెవిలో కూడా అది అలాగే మోగుతూ ఉంటుంది కాబట్టి ఆ మొదలు నవలకి నిజాయితీగా ఉందనిపించింది. ‘ఆలోచన’ అన్న మాట మూడుసార్లు వచ్చింది. మామూలుగా అయితే ఒకటి కొట్టేసేవాణ్ణి. ఇక్కడ కావాలనే ఉంచాను. అతని బుర్ర తిరిగే తీరు అదే, ఆ తిరుగుడు చెవికి తెలియాలి. “పని అక్కడే ఆగిపోతుంది” అన్నాక ఒక సెకను మౌనం పెట్టాను. ఆ మౌనం తీసేసి చూస్తే, అదే స్క్రిప్టు సగం చచ్చిపోయింది. ఆ ఒక్క సెకను కోసం వేరేచోట రెండు మాటలు తగ్గించుకున్నాను.

షార్ట్ అయిపోగానే దానంతట అదే మళ్లీ మొదటికొస్తుంది. దీన్నీ లెక్కలోకి తీసుకోవచ్చు. “ఇది చదవండి” అన్న వెంటనే “వంశం పేరు నిలబెట్టు” అని మళ్లీ వినపడితే, రెండోసారి ఆ ఆజ్ఞ వేరుగా తగులుతుంది. ఈసారి అది ఏం చేసిందో తెలుసు కదా. అందుకే చివర్లో “లైక్ చెయ్యండి, సబ్‌స్క్రైబ్ చెయ్యండి” అని పెట్టలేదు. పెడితే ఆ రెండు చివరలూ కలవవు.

షూటింగ్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఫోను నిలువుగా పెట్టండి, ఫ్యాను ఆపెయ్యండి, కిటికీ వెలుతురు మొహం మీద పడేలా కూర్చోండి. పుస్తకం అట్ట నిగనిగలాడుతుంటే కొంచెం వంచి పట్టుకోండి, లేకపోతే పేరు మీదే మెరుపు పడుతుంది. అక్షరాల విషయం మాత్రం తెలుగువాళ్లు జాగ్రత్త పడాలి. చాలామంది సౌండు లేకుండా చూస్తారు కాబట్టి మాటలు తెర మీద వెయ్యాల్సిందే. ఫోను తనంతట తాను వేసే తెలుగు అక్షరాల్ని ఒక్కొక్కటీ సరిచూసుకోండి. పేర్లు, ఒత్తులు తప్పిపోతాయి. వరసల మధ్య జాగా తక్కువుంటే పై వరస ఒత్తులు కింది వరస తలకట్ల మీదికి దిగి ‘అసమర్థుని’లో థ వత్తు కనపడకుండా పోతుంది. ఒక్కసారికి రెండు వరసలు మించకుండా, జాగా ఎక్కువ వదిలి వెయ్యండి. తెర అడుగున, కుడిపక్కన ఆ యాప్ గుర్తులుంటాయి, అక్కడ ఏం రాసినా వాటికింద పడిపోతుంది.

వీడియో పెట్టేముందు ఇద్దరికి చూపించాలి, ఒకరు నవల చదివినవాళ్లు, ఇంకొకరు చదవనివాళ్లు. చదివినవాళ్లని ఒక్కటే అడగండి, “ఇది ఆ నవలేనా?” అని. మా గ్రంథాలయం పెద్దాయన లేకపోతే నేను సీతారామారావుని సోమరిపోతుగా ఊరంతా చాటేవాణ్ణి. చదవనివాళ్లని అడగాల్సింది, “ఇప్పుడేమవుతుందనుకుంటున్నావ్?” అని. ముగింపు సూటిగా చెప్పేస్తే మనం గుట్టు విప్పాం. “ఏమో, ఏమవుతుంది?” అని మొహం ఖాళీగా పెడితే ముడి వాళ్లకి అందలేదు. రెండు, మూడు దారులు చెప్పి, “కాదు, అలా అయితే బాగుండదు” అని తమతో తామే వాదించుకుంటుంటే వీడియో కుదిరినట్టు.

మా మేనకోడలు నాలుగోసారి చూసి, “అతను మళ్లీ ఆస్తి సంపాదిస్తాడా? కాదులే, పేరు అలా లేదుగా. పెళ్లాం ఏమంటుంది మరి?” అంది. స్క్రిప్టులో ఇందిర ప్రసక్తే లేదు. ఇల్లు నడపాలి అన్న రెండు మాటల్లోంచి ఆ పిల్ల భార్యని తనే ఊహించుకుంది. నేను జవాబు చెప్పలేదు.

ఈ పద్ధతి అన్ని నవలలకీ కుదరదని కూడా చెప్పాలి. ‘మాలపల్లి’, ‘వేయిపడగలు’ లాంటివాటికి ముడి ఒకటి కాదు, పది ఉంటాయి. వాటిని నలభై సెకన్లలో చెప్తాననడం ఆ నవలలకి అన్యాయం. ఒక్క పాయ తీసుకుని, ఇది ఒక పాయ మాత్రమే అని ఒప్పుకుని చెప్పొచ్చు. సినిమాగా వచ్చిన నవలలతో ఇంకో చిక్కు. డాక్టర్ పి. శ్రీదేవి ‘కాలాతీత వ్యక్తులు’ ఆధారంగా 1963లో ‘చదువుకున్న అమ్మాయిలు’ వచ్చింది. ఆ సినిమా చూసినవాళ్లు నవల తెలుసనుకుంటారు. నవలలో ఇందిర ఎవరో సినిమాతో తెలియదు. అలాంటి పుస్తకానికి చేసే షార్ట్ సినిమాలో లేని ముడితోనే మొదలవ్వాలి. అంటే ఆ సినిమా కూడా మళ్లీ చూడాలి.

మీరు కూడా ఒకటి చేస్తుంటే ఒక్క చిన్న మాట. వీడియో కింద పుస్తకం పేరు, రచయిత పేరు, మీ చేతిలో ఉన్న ప్రతి ఎవరు అచ్చు వేశారో తెలుగులో పూర్తిగా రాయండి. నా మొదటి వీడియో కింద నేనది రాయలేదు. ఇద్దరు నన్ను అడిగారు, ఆ పుస్తకం ఎక్కడ దొరుకుతుందని. మిగతావాళ్లు అడగకుండానే వెళ్లిపోయి ఉంటారు.